ఒకే లింకు పేజీ: ఏది పైన, ఏది కింద?

హనుమకొండలో పెళ్లి ఫొటోలు తీస్తాను. ఇన్‌స్టాగ్రామ్, యూట్యూబ్, ప్యాకేజీలు, వాట్సాప్ అన్నీ ఒకే లింకులో ఎలా పెట్టాలి?

లింక్‌ట్రీలోగాని, గూగుల్ సైట్స్‌లోగాని పేజీ ఉచితంగానే తయారవుతుంది. అసలు ఆలోచించవలసింది బటన్ల వరుస గురించి. మీ పేజీకి వచ్చేవారిలో ఎక్కువమంది ఇన్‌స్టాగ్రామ్ నుంచే వస్తారు కనుక, ఆ బటన్‌నే పైన పెడితే వచ్చిన దారినే వెనక్కి పంపినట్టవుతుంది. మొదట వాట్సాప్, తర్వాత ప్యాకేజీలు, ఆ తర్వాత ఒక పూర్తి పెళ్లి ఆల్బమ్ ఉంచి, మిగతావి అడుగున పెట్టండి.

వాట్సాప్ లింకు ఇలా ఉండాలి:

```
https://wa.me/91XXXXXXXXXX?text=Pelli%20package
```

X ఉన్నచోట మీ పది అంకెలు రాయాలి. 91కి ముందు ప్లస్ గుర్తు గాని, తర్వాత సున్నా గాని ఉండకూడదు. చివరనున్న మాటలు కస్టమరు పంపబోయే సందేశంగా ముందే కనిపిస్తాయి కాబట్టి, ప్రతి ప్యాకేజీ బటన్‌కూ వేరే సందేశం పెడితే, వారు దాన్ని మార్చకుండా పంపినంతవరకు, ఏ ప్యాకేజీ చూసి అడుగుతున్నారో మీకు వెంటనే తెలుస్తుంది.

శ్రావణ మాసం ముహూర్తాలకు ఆఫరు ఇస్తే, దాని ఆఖరు తేదీని బటన్ పేరులోనే రాయండి. గడువు తీరిన ఆఫరు మీద బేరమాడవలసి రావడం కంటే చిరాకు మరొకటి లేదు.

ఆల్బమ్ గూగుల్ డ్రైవ్‌లో ఉంటే మీ ఫోన్‌లో ఎప్పుడూ చక్కగానే తెరుచుకుంటుంది, ఎందుకంటే యజమాని మీరే. షేరింగ్‌లో Anyone with the link ఎంచుకోకపోతే ఇతరులకు అనుమతి అడిగే తెర కనిపిస్తుంది. అందుచేత వేరొకరి ఫోన్‌లో, ఇన్‌స్టాగ్రామ్ లోపలి నుంచే ప్రతి బటన్‌నూ ఒకసారి నొక్కి చూడండి.