గూడు కట్టే మూడు రోజులు

"పట్టుపురుగు గుడ్డు నుంచి దారం దాకా ఎలా వస్తుంది? పురుగులు బాగా పెరిగినా ఒక్కోసారి గూళ్లకి రేటు రాదంటారు, ఎందుకు?"

మాది హిందూపురం వైపు పల్లె, ఇంట్లో తెల్ల గూళ్లు కట్టే బైవోల్టిన్ రకం పట్టుపురుగులు పెంచుతాం. మేం గుడ్లు తెచ్చుకోం, గుడ్లు పొదిగించి పిల్ల పురుగులను పెంచే చాకీ కేంద్రం నుంచి రెండో జ్వరం దాటిన పిల్ల పురుగులనే తెస్తాం. జ్వరం అంటే జబ్బు కాదు, చర్మం విడవడం. తల ఎత్తి ఒక రోజు కదలకుండా ఉంటాయి, అప్పుడు ఆకు వేయకూడదు. అలా నాలుగు జ్వరాలు. నాలుగోది అయ్యాక సుమారు వారం రోజులు తింటాయి చూడండి, మొత్తం పంటకి పట్టే మల్బరీ ఆకులో నూటికి ఎనభై వంతులు ఆ వారంలోనే అయిపోతుంది. ఇంట్లో అందరం తోటకీ షెడ్డుకీ మధ్య తిరగడమే.

తర్వాత పురుగు పండుతుంది. తినడం మానేసి, ఒళ్లు కాస్త కుదించుకుని, తెల్లగా ఉన్నది తేనె రంగులోకి మారి, వెలుతురులో పెడితే లోపలికి కనిపించినట్టు అవుతుంది. అప్పుడే ఏరి, గూడు కట్టుకోవడానికి పెట్టే తట్టలు, అంటే చంద్రికల మీద వేయాలి. ఆలస్యమైతే ఆకుల్లోనే గూడు మొదలెడుతుంది, తొందరపడితే ఇంకా పండని పురుగు దారం వదలకుండా తిరుగుతూ ఉంటుంది.

మేం దెబ్బతిన్నది దీని తర్వాతే. ఒక ఆగస్టులో వంద లేయింగ్స్ పెంచాం, అంటే దాదాపు యాభై వేల పురుగులు. వాన పడుతోందని, పురుగులకి చలి వేస్తుందని కిటికీలన్నీ మూసేశాం. గూళ్లు తెల్లగా, గట్టిగా బాగానే వచ్చాయి, కానీ మార్కెట్లో మంచి రేటు రాలేదు. ఒక రీలర్ అన్న చెప్పాడు, ఉడికించి దారం తీస్తుంటే మాటిమాటికీ తెగుతోందని.

కారణం తేమ. పురుగు గూడు మొదలెట్టే ముందు ఒంట్లోని అదనపు నీరంతా ఉచ్చగా వదిలేస్తుంది, యాభై వేల పురుగుల నీరంటే తక్కువేం కాదు. దారం చుట్టూ సెరిసిన్ అనే జిగురు ఉంటుంది. గాలి ఆడితే ఆ జిగురు వెంటనే ఆరుతుంది. ఆడకపోతే పొరకి పొర గట్టిగా అతుక్కుపోయి, వేడినీళ్లలో వేసినా సరిగ్గా విడవదు. మంచి గూడులో కిలోమీటరు దాకా ఒకటే పోగు రావాలి, అది ముక్కలైపోతే రీలర్‌కి వ్యర్థమే మిగులుతుంది.

ఆ తర్వాతి పంట నుంచి చంద్రికల కింద పాత పేపర్లు పరుస్తున్నాం, మరుసటి రోజు తడిసినవి తీసేస్తున్నాం. గూడు కట్టే మూడు రోజులూ కిటికీలు తెరిచే ఉంటాయి, ఈదురు గాలి మాత్రం నేరుగా తగలనివ్వం. ఆరేడు రోజులకి ఒక గూడు కోసి చూస్తాం, లోపల పురుగు ప్యూపాగా మారి, గోధుమరంగుకి వచ్చి గట్టిపడితేనే గూళ్లని చంద్రికల నుంచి విప్పుతాం, లేతగా ఉంటే చితికి గూడు మరకలవుతుంది. అలాగని మరీ ఆగినా ప్యూపా రెక్కల చిలుకగా మారి గూడు చీల్చుకుని బయటకొస్తుంది, అందుకే కొన్నాక రీలర్లు ముందు వేడికి ప్యూపాని చంపేసి, ఆ తర్వాతే దారం తీస్తారు.