పేకముక్కలు పట్టుకున్న కొడుకు, బీఎస్సీ లెక్కల భయం

"మావాడు ఇంటర్ ఎంపీసీ రెండో ఏడాది. చెల్లెల్ని కూర్చోబెట్టుకుని ఏదో అయిదు ముక్కల ట్రిక్కు చేస్తుంటాడు. అదంతా లెక్కలేనట. సీఎస్‌ఈ డేటా సైన్స్ వద్దు, లెక్కలే చదువుతానంటున్నాడు. రెండిట్లో ఏది మేలు? వాడి జీవితం పాడవదు కదా?" — ఒక తండ్రి

పాడవదు. మీరు పేకముక్కలు చూసి భయపడ్డారే గానీ, వాడి పక్కన కూర్చుని ఏం చేస్తున్నాడో చూడలేదు. ముందు ఆ పని చేయండి.

అది ఫిచ్ చేనీ అనే అమెరికన్ గణితవేత్త పద్ధతి. ఎవరో 52 ముక్కల్లోంచి ఏవో అయిదు తీసిస్తారు. మీవాడు ఒకటి దాచి, నాలుగు వరసగా పేరుస్తాడు. ఆ వరస చూసి చెల్లెలు దాచినది చెప్పేస్తుంది.

ఉన్నవి నాలుగే జాతులు కాబట్టి, అయిదు ముక్కల్లో రెండైనా ఒకే జాతివి అయి తీరాలి. ఆ రెండిట్లో ఒకటి దాస్తాడు, రెండోది వరసలో మొదట పెడతాడు. దాంతో జాతి తెలిసిపోయింది. ఇక అంకె. ఆసు నుంచి రాజు దాకా 13 ముక్కల్ని గుండ్రంగా పేర్చినట్టు అనుకుంటే, ఏ రెండిటి మధ్యా ఏదో ఒక వైపు నుంచి దూరం 6కు మించదు. మిగిలిన మూడు ముక్కల్ని పేర్చే వరసలూ సరిగ్గా ఆరే.

ఇస్పేటు 3, ఇస్పేటు రాణి, ఆటీన్ 7, కళావరు 9, డైమన్ 4 వచ్చాయనుకోండి. రాణి నుంచి రాజు, ఆసు, 2, 3: నాలుగు అడుగులు. అందుకే 3 దాచి రాణి ముందు పెట్టాలి. 3నే ముందు పెడితే రాణికి తొమ్మిది అడుగులవుతాయి, అది చెప్పే వరసే లేదు. కొత్తవాళ్లు ఎక్కువగా తప్పేది ఇక్కడే. మిగతా మూడిట్లో చిన్న-మధ్య-పెద్ద అంటే 1, చిన్న-పెద్ద-మధ్య 2, మధ్య-చిన్న-పెద్ద 3, మధ్య-పెద్ద-చిన్న 4, పెద్ద-చిన్న-మధ్య 5, పెద్ద-మధ్య-చిన్న 6. మనకు 4 కావాలి కాబట్టి 7, 9, 4. ఒకే అంకె రెండు జాతుల్లో వస్తే ఏది చిన్నదో అన్నాచెల్లెళ్లు ముందే అనుకుని ఉండాలి.

అసలు కిటుకు వరసలో లేదు, దాచే ముక్కను ఎంచుకోవడంలో ఉంది. దాచేది ఎదుటివాళ్లు ఎంచితే నాలుగు ముక్కలకు 24 వరసలే, బయట ఉన్నవి 48 ముక్కలు. ట్రిక్కు కుదరదు.

ఇప్పుడు కోర్సు సంగతి. డేటా సైన్స్ అన్న పేరు మీద నాకు నమ్మకం తక్కువ. మీరు చూస్తున్న కాలేజీ సిలబస్ తెరిచి సంభావ్యతకు, లీనియర్ ఆల్జీబ్రాకు ఎన్ని సెమిస్టర్లు ఇచ్చారో లెక్కపెట్టండి. ఒక్కటే ఉంటే పైన బోర్డు మారింది, లోపల పాత సీఎస్‌ఈనే. పక్కింటివాళ్ల అబ్బాయి చేరాడని చేర్చడం మాత్రం తప్పు, అది మీ భయమే గానీ వాడి చదువు కాదు. రెండూ కావాలంటే చెన్నై మ్యాథమెటికల్ ఇన్‌స్టిట్యూట్‌లో లెక్కలు, కంప్యూటర్ సైన్స్ కలిపిన బీఎస్సీ ఉంది. దాని ప్రవేశ పరీక్ష వేరు, నిరూపణలు రాయాలి.

వాడిని ఒకటి అడగండి: పేకలో ముక్కలు ఎన్నున్నా ఈ ట్రిక్కు కుదురుతుందా? 124 దాటితే కుదరదు. పేకలో n ముక్కలుంటే, అయిదేసి ముక్కల చేతులు n(n-1)(n-2)(n-3)(n-4)/120, నాలుగు ముక్కల వరసలు n(n-1)(n-2)(n-3). వరసలు చాలాలంటే n-4 అనేది 120 దాటకూడదు. ఇది విని 124కు నిజంగా కుదిరే పద్ధతి ఉందా అని కాగితం తీస్తే లెక్కల్లోకి పంపండి. ప్రోగ్రాం రాసి చూస్తానంటే సీఎస్‌ఈ కూడా వాడికి నప్పుతుంది.