లివర్ రూల్‌లో 1.52 ఎలా వచ్చింది?

"గాజువాక గెడ్డ వంతెన బయటి గర్డర్‌కి లివర్ రూల్‌తో 1.52 లారీలు వస్తోంది, సాఫ్ట్‌వేర్‌లో సగమే. స్లాబ్ మూమెంట్‌కీ ఇదేనా?"

అది 1.52 చక్రాలు, లారీలు కాదు. అందరూ జారేది ఇక్కడే.

1. గర్డర్ల మధ్య 2.5 మీ., రెండో గర్డర్ దగ్గర హింజ్ పెట్టండి. మొదటి చక్రం బయటి గర్డర్‌కి 0.3 మీ. అవతల, ఓవర్‌హ్యాంగ్ మీద ఉంది కాబట్టి 2.8/2.5 = 1.12, ఒకటి దాటిందని కంగారుపడి తగ్గించకండి. 1.8 మీ. లోపలున్న రెండోది 1.0/2.5 = 0.40.

2. ఇరుసుకి రెండు చక్రాలు, అంటే 1.52/2 = 0.76. క్లాస్ ఏ 11.4 టన్నుల ఇరుసులో 8.66 టన్నులు, ఇంపాక్ట్ వేరే.

3. ఓవర్‌హ్యాంగ్ స్లాబ్ మూమెంట్‌కి ఈ వాటా వాడకండి. అక్కడ ఒక్క చక్రం 5.7 టన్నులు, గర్డర్ ముఖం నుంచి దూరంతో గుణించి, ప్రభావ వెడల్పుతో భాగించాలి.