గడ్డం ముందా, స్నానం ముందా

చిరంజీవి శ్రీనుకి మావయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన ఫోటో చూశాను. కళ్లజోడు పెట్టుకుని, వేళ్లతో పెద్దది చేసి మరీ చూశాను. దవడ కింద, మెడకి ఎడమ పక్కన లేచిన ఆ ఎర్ర పొక్కులు మొటిమల్లా లేవు. గీసిన వెంట్రుక కొస వంకర తిరిగి మళ్లీ చర్మంలోకే గుచ్చుకుంటే అలాంటివి వస్తాయి. నీ వయసులో నా మెడ కూడా అలాగే ఉండేది. రైల్వేలో 32 ఏళ్లు రోజూ నున్నగా గీసుకుని డ్యూటీకి వెళ్లినవాణ్ణి కాబట్టి ఈ ఒక్క విషయంలో నా మాట విను.

"నువ్వు చెప్పినట్టే స్నానం చేశాకే గీసుకుంటున్నా మావయ్యా, అయినా మంట తగ్గట్లేదు" అన్నావు. అందుకే మొన్న ఫోన్‌లో నీ పొద్దుటి పనులన్నీ వరసగా చెప్పించుకున్నాను. ఏడింటికి వేడినీళ్ల స్నానం. తువ్వాలుతో మొహం గట్టిగా తుడుచుకోవడం. ఫ్యాన్ కింద నిలబడి చొక్కా ఇస్త్రీ. కాఫీ, మధ్యలో ఫోను. ఆ తర్వాత, ఏడున్నరకి క్యాబ్ వస్తుందన్న టెన్షన్‌లో, అద్దం ముందుకి. స్నానానికీ రేజర్‌కీ మధ్య 20 నిమిషాలు పోయాయి. నీళ్లు చేసిన మేలంతా ఆ ఫ్యాన్ గాలికే ఎగిరిపోయింది. నువ్వు స్నానం తర్వాత గీసుకుంటున్నానని అనుకుంటున్నావు గానీ, నిజానికి పొడి గడ్డమే గీస్తున్నావు.

ఇందులో అసలు సంగతి వేడి కాదు, తడి. ఎండిన గడ్డం వెంట్రుక అంతే లావున్న రాగి తీగంత గట్టిగా ఉంటుందంటారు. అదే వెంట్రుక నీళ్లు పీల్చుకుంటే కాస్త ఉబ్బి మెత్తబడుతుంది, బ్లేడుకి తేలిగ్గా తెగుతుంది. తెగడం తేలికైతే నువ్వు రేజర్‌ని నొక్కవు. నొక్కకపోతే చర్మం గీరుకోదు. చన్నీళ్లతో కూడా నానుతుంది, కాకపోతే ఆలస్యంగా. గోరువెచ్చని నీళ్లయితే రెండు మూడు నిమిషాలు చాలు. పైగా మొహం మీద రాత్రంతా పేరుకున్న జిడ్డుని వెచ్చదనం కరిగిస్తుంది. ఆ జిడ్డు ఉన్నంతసేపూ నీళ్లు తామరాకు మీద బొట్టులా జారిపోతాయి తప్ప వెంట్రుకలోకి దిగవు. అందుకే ముందు ఒకసారి సబ్బుతోనో ఫేస్‌వాష్‌తోనో మొహం, మెడ కడుక్కోమనేది.

వేడినీళ్లకి చర్మ రంధ్రాలు తెరుచుకుంటాయనీ, చన్నీళ్లకి మూసుకుంటాయనీ సెలూన్‌లో చెప్తారు, నమ్మకు. అవేం తలుపులు కావు. చివర్లో చన్నీళ్లు కొట్టుకుంటే మంట, ఎరుపు తగ్గుతాయి, దాని లాభం అంతే.

ఇక ఎంత వెచ్చగా ఉండాలి అంటే, మోచేయి ముంచితే హాయిగా ఉండాలి, చురుక్కుమనకూడదు. 40 డిగ్రీల దగ్గర అనుకో. నీ గీజర్ నీళ్లు అంతకంటే చాలా వేడిగా వస్తాయి కాబట్టి చన్నీళ్లు కలుపుకో. పొగలు కక్కే నీళ్లు మొహాన పోసుకుంటే గడ్డం ఇంకా బాగా మెత్తబడుతుందనుకోవడం పొరపాటు. చర్మం మీద ఉండాల్సిన కాస్త నూనె కూడా పోయి, గీయకముందే మొహం ఎర్రబడుతుంది. దాని మీద బ్లేడు నడిపితే మంట రాక ఏమవుతుంది? రూమ్‌లో గీజర్ పాడైన రోజున హీటర్ రాడ్ వాడతానన్నావు. స్విచ్ ఆపి, ప్లగ్ పీకి, రాడ్ బయటికి తీశాకే నీళ్లలో చెయ్యి పెట్టు. ఇది గడ్డం సంగతి కాదు గానీ, చెప్పకపోతే మీ అమ్మ నన్ను ఊరుకోదు.

నువ్వు అడిగిన రెండో ప్రశ్న, షవర్ కిందే గీసుకుంటే పని అయిపోదా అని. ఉద్యోగం చివరి ఏడేళ్లు క్వార్టర్స్‌లో షవర్ ఉండేది, నేనూ చేసి చూశాను. గడ్డం నానడానికి దాన్ని మించింది లేదు, ఒప్పుకుంటాను. తల రుద్దుకునేలోపు గడ్డం తయారైపోతుంది. కానీ చిక్కు నురగతో వస్తుంది. ధార మొహం మీద పడుతుంటే రాసిన నురగ రాసినట్టే కొట్టుకుపోతుంది. మొదటి గీతకి ఉంటుంది, రెండో గీతకి ఉండదు. మిగిలిపోయిన చోట వేలితో తడిమి, నురగ లేకుండానే మళ్లీ అదే చోట గీస్తాం. మెడ పాడయ్యేది సరిగ్గా అక్కడే. పైగా ఆవిరికి అద్దం మసకబారుతుంది. బుగ్గల మీద చూడకుండా గీసినా పర్వాలేదు గానీ, మెడ మీద వెంట్రుకలు ఒక్కో చోట ఒక్కో వైపు వాలి ఉంటాయి, అక్కడ చూడకుండా గీస్తే ఎదురు గీసేస్తాం. ఇంకోటి, షవర్ కింద పావుగంట ఇరవై నిమిషాలు నిలబడితే మొహం చర్మం నీళ్లు తాగి మరీ మెత్తబడుతుంది. అది తేలిగ్గా గీరుకుపోతుంది.

షవర్ కిందే చెయ్యాలంటే ధారకి వీపు పెట్టి నిలబడు, స్నానం చివర్లో గియ్యి, ఆవిరి పట్టని చిన్న అద్దం ఒకటి గోడకి తగిలించుకో. మామూలు కార్ట్రిడ్జ్ రేజర్ అయితేనే సుమా. నా దగ్గరుండే పాతకాలపు స్టీలు రేజర్‌తో, సబ్బు నీళ్ల మీద జారే కాళ్లతో, ఆ సాహసం వద్దు. నీ మెడ ఇప్పుడున్న స్థితిలో నేనైతే ఏ రేజర్‌తోనూ షవర్ కింద వద్దనే అంటాను.

స్నానం తర్వాత గీసుకోవడమే మేలు, కానీ తర్వాత అంటే వెంటనే. ఒళ్లు తుడుచుకో, మొహం మాత్రం తుడవకు. నీళ్లు కారుతుండగానే అద్దం ముందుకి రా. అద్దం మసకగా ఉంటే తలుపు తెరిచి ఓ నిమిషం ఆగు, ఈలోపు క్రీమ్ రాయి. బ్రష్‌తో గుండ్రంగా తిప్పుతూ రాస్తే పడుకున్న వెంట్రుకలు లేస్తాయి, నురగ వాటి మొదళ్ల దాకా దిగుతుంది. రాసిన వెంటనే గీయకు, ఒక నిమిషం అలా ఉండనీ. ఇస్త్రీ, కాఫీ, ఫోను, అన్నీ గడ్డం అయ్యాకే.

అయితే మన ఇళ్లలో దీనికో అడ్డం ఉంది, నీకూ తెలుసు. క్షవరం అయ్యాక స్నానం చెయ్యనిదే మీ అమ్మమ్మ వంటింటి గడప తొక్కనిచ్చేది కాదు. స్నానం చేసి గడ్డం గీసుకుంటే మళ్లీ స్నానం చెయ్యమనేది. దానికి నేను కనిపెట్టిన ఉపాయం బకెట్ స్నానంలో ఉంది. సంక్రాంతికి ఊరొచ్చినప్పుడు నువ్వూ ఇలాగే చెయ్యి. బకెట్ నిండా గోరువెచ్చని నీళ్లు పెట్టుకుని, సగంతో తల, ఒళ్లు, మొహం రుద్దుకుంటాను. చిన్న తువ్వాలు ఆ నీళ్లలో ముంచి, పిండి, మొహానికీ మెడకీ ఒక నిమిషం అదిమి పెట్టుకుంటాను. చల్లబడగానే మళ్లీ ముంచి ఇంకో నిమిషం. తర్వాత నురగ, గడ్డం. మిగిలిన సగం బకెట్ నెత్తిన పోసుకుంటే స్నానం గడ్డం తర్వాతే పూర్తయినట్టు. అమ్మకి అభ్యంతరం ఉండేది కాదు, నా మెడకీ మంట ఉండేది కాదు.

నానిందో లేదో తెలుసుకోవడం కష్టం కాదు. వేలి వెనక భాగంతో దవడ మీద కింది నుంచి పైకి రాసి చూడు. గరుకు కాగితంలా గుచ్చుకుంటే ఇంకా నానలేదు. పాత టూత్‌బ్రష్‌లా వంగిపోతే సిద్ధం. గీసేటప్పుడు చెవి కూడా పెట్టు. పొడి గడ్డం మీద బ్లేడు కరకరమంటుంది, నానిన దాని మీద దాదాపు చప్పుడే ఉండదు. నానినా కరకరమంటే, బ్లేడు మొద్దుబారిందన్నమాట. మార్చు.

మీ రూమ్‌లో బోరు నీళ్లని విన్నాను. ఆ ఉప్పు నీళ్లలో నురగ సరిగ్గా లేవదు, తెల్లటి పొరలా ముద్దకడుతుంది. స్నానం వాటితోనే చెయ్యి, కానీ బ్రష్ తడపడానికీ నురగకీ ఒక మగ్గు మంజీరా కుళాయి నీళ్లు విడిగా వెచ్చబెట్టుకో. ఒక్క మగ్గుతో అంత తేడా ఉంటుందా అని నాకూ నమ్మకం లేకపోయింది, చేసి చూశాక ఆశ్చర్యపోయాను.

మెడ సంగతి. పొక్కులు తగ్గేదాకా ఓ వారం పది రోజులు రేజర్ ముట్టుకోకు. ఆఫీసులో ఒప్పుకోకపోతే ట్రిమ్మర్‌తో పొట్టిగా, ఆ వెంట్రుకలు పైకే ఉండేలా కత్తిరించుకో. సూదితో కెలకడం, గోళ్లతో గిల్లడం వద్దు, మచ్చలు పడతాయి. మళ్లీ మొదలుపెట్టాక మెడ మీద వాలు చూసి వాలు వెంటే గియ్యి. నున్నగా రావాలని ఎదురు గీసినప్పుడే వెంట్రుక చర్మం లోపలికి తెగి, పెరిగేటప్పుడు దారి తప్పుతుంది. నాలుగైదు బ్లేళ్ల రేజర్లు కూడా వెంట్రుకని లాగి లోపలికి కోస్తాయి, నీ మెడకి ఒకటి రెండు బ్లేళ్లది చాలు. మంగళ, శుక్రవారాలు గీయవద్దని మీ అమ్మ అన్నరోజున హాయిగా ఒప్పుకో, ఆ విరామం చర్మానికి మంచిదే. చీము పట్టినా, నొప్పితో గడ్డలా అయినా మాత్రం నా చిట్కాలతో కాలక్షేపం చెయ్యకుండా చర్మం డాక్టర్‌కి చూపించు.

మీ అత్త పచ్చడి జాడీతో పాటు ఒక పటిక ముక్క కూడా పెట్టింది. గీసుకున్నాక చన్నీళ్లతో తడిపి ఒకసారి రాసి కడిగెయ్యి. ఎక్కడ చురుక్కుమంటే అక్కడ గట్టిగా నొక్కావని లెక్క. పొక్కుల మీద మాత్రం ఇప్పుడే రాయకు. పది రోజుల తర్వాత మెడ ఫోటో పంపు, పొద్దుటి వెలుతురులో తియ్యి, ఆ పసుప్పచ్చ బల్బు కింద వద్దు.

ఇట్లు,
మీ మావయ్య