సింధూ, ఆ 308.60 అంతా నీది కాదు

చి॥ సింధుకి,

మీ పెదనాన్న ఆశీస్సులు. శనివారం రాత్రి ఫోన్ చేసి "నా అకౌంట్లోంచి ఎవరో డబ్బు లాగేస్తున్నారు పెదనాన్నా" అని ఏడుపు గొంతుతో చెప్పావు. ఇవాళ బుధవారం యాప్‌లో 308.60 డాలర్లు చూసి "డబ్బు తిరిగొచ్చేసింది, వీకెండ్ ఆస్టిన్ ట్రిప్‌కి 300 పంపేస్తున్నా" అని మెసేజ్ పెట్టావు. శనివారం ఎవరూ లాగలేదు, ఇవాళ ఏదీ తిరిగి రాలేదు. ఆ 300 మాత్రం ఇప్పుడే పంపకు. ఎందుకో ఫోన్లో చెబితే మధ్యలో "సరే సరే" అంటావు, అందుకే రాస్తున్నాను.

ఇండియాలో నీకు అలవాటైన పద్ధతి వేరు. బంకులో కుర్రాడు పెట్రోలు కొట్టాకే కదా కార్డు గీకేది. ఎంత కొట్టాడో అంత పోతుంది, వెంటనే ఎస్సెమ్మెస్ వస్తుంది. ఇక్కడ అమెరికాలో డెబిట్ కార్డు రెండు అంచెల్లో పనిచేస్తుంది. కార్డు గీకగానే షాపు మీ బ్యాంకుని "ఈ అమ్మాయి దగ్గర ఇంత ఉందా?" అని అడుగుతుంది. బ్యాంకు "ఉంది, నీకోసం పక్కన పెట్టాను" అని మాటిస్తుంది. అదే ఆథరైజ్ కావడం, అలా పక్కన పెట్టిందే హోల్డ్. అప్పటికి ఒక్క సెంటు కూడా నీ అకౌంటు దాటదు. మీ నాన్న ఐపీఓకి అప్లై చేసినప్పుడు బ్యాంకులో డబ్బు బ్లాక్ అవుతుంది చూడు, షేర్లు వస్తేనే కట్ అవుతుంది, అలాంటిదే ఇది.

ఆ మాటిచ్చిన దగ్గర్నుంచి అసలు లెక్క తేలేదాకా యాప్‌లో పెండింగ్ అని కనపడుతుంది. షాపువాడు రోజు చివర్న తన అమ్మకాలన్నీ ఒక కట్టగా పంపుతాడు. అది వీసా లేదా మాస్టర్‌కార్డ్ ద్వారా మీ బ్యాంకుకి చేరి, డబ్బు నిజంగా నీ ఖాతాలోంచి తీసి రాసినప్పుడు పోస్టెడ్ అవుతుంది. మామూలుగా ఒకటి నుంచి మూడు పనిదినాలు పడుతుంది. శని, ఆదివారాలు బ్యాంకుకి పనిదినాలు కావు, కాబట్టి శుక్రవారం సాయంత్రం కొన్నది సోమవారమో మంగళవారమో తేలుతుంది.

యాప్‌లో రెండు బ్యాలెన్సులు కనపడేది ఇందుకే. కరెంట్ బ్యాలెన్స్ అంటే పోస్ట్ అయినవి మాత్రమే తీసేస్తే మిగిలేది. అవైలబుల్ బ్యాలెన్స్ అంటే అందులోంచి పక్కన పెట్టినవి కూడా తీసేస్తే మిగిలేది. నువ్వు ఒక్కోసారి ఒక్కోటి చూసి హడలిపోయావు.

ఇక నీ వారం సంగతి. నువ్వు పంపిన స్క్రీన్‌షాట్లు ముందు పెట్టుకుని రాస్తున్నాను. శుక్రవారం పొద్దున రెండు బ్యాలెన్సులూ 430 డాలర్లే. సాయంత్రం పంపు దగ్గరే కార్డు పెట్టి పెట్రోలు పోయించావు, 31.40 అయింది. కానీ నాజిల్ తీసేముందు నువ్వెంత పోయించుకుంటావో ఆ పంపుకి తెలియదు కదా! అందుకే ముందే ఒక పెద్ద అంకెకి మాట తీసుకుంటుంది. 2022 నుంచి వీసా, మాస్టర్‌కార్డ్ ఆ పెద్ద అంకెని 175 డాలర్ల దాకా పోనిస్తున్నాయి. నీ బంకు పూర్తిగా 175 అడిగింది. అవైలబుల్ 255కి పడిపోయింది, కరెంట్ మాత్రం 430 దగ్గరే ఉంది. కొన్ని బంకులు పోయడం అయిన కాసేపటికే అసలు అంకె చెప్పేస్తాయి, హోల్డ్ అప్పుడే తగ్గుతుంది. నీ బంకు సోమవారం దాకా చెప్పలేదు.

ఆ రాత్రి హోటల్లో భోజనం బిల్లు 42 డాలర్లు. కార్డు గీకింది 42కి. తర్వాత కాగితం మీద 8 డాలర్లు టిప్ రాసి సంతకం పెట్టి వచ్చేశావు. యాప్‌లో పెండింగ్ 42 అని ఉంది, అవైలబుల్ 213. ఆ 8 సంగతి బ్యాంకుకి అప్పటికింకా తెలియదు. శనివారం ఆన్‌లైన్లో దీపం, పుస్తకాల స్టాండు కలిపి 64.50కి ఆర్డరిచ్చావు. అవైలబుల్ 148.50. నువ్వు ఫోన్ చేసింది అప్పుడే. 430లో నీ లెక్క ప్రకారం టిప్ కాకుండా 138 కూడా ఖర్చు కాలేదు, కానీ 281.50 కనపడకుండా పోయింది. ఎవరికైనా గుండె గుభేలుమంటుందిలే.

సోమవారం పెట్రోలు 31.40 పోస్ట్ అయింది, 175 హోల్డ్ పోయింది. అవైలబుల్ ఒక్కసారిగా 292.10కి లేచింది. మంగళవారం హోటల్ బిల్లు టిప్‌తో కలిపి 50గా పోస్ట్ అయింది, అవైలబుల్ 284.10. ఈ అంకె గుర్తుపెట్టుకో. 430లోంచి పెట్రోలు, భోజనం, ఆర్డరు మూడూ తీసేస్తే మిగిలేది సరిగ్గా ఇదే. వారం మొత్తంలో యాప్ నిజం చెప్పింది ఆ ఒక్కరోజే.

ఇవాళేం జరిగిందంటే, ఆన్‌లైన్ షాపు దీపం ఒక్కటే పంపింది. సరుకు బయల్దేరినప్పుడే అక్కడ డబ్బు తీసుకుంటారు, అందుకని 40 డాలర్లు మాత్రమే పోస్ట్ చేసింది. మీ బ్యాంకు ఆ 40ని చూసి "ఈ ఆర్డరు తేలిపోయింది" అనుకుని 64.50 హోల్డ్ మొత్తం వదిలేసింది. అందుకే రెండు బ్యాలెన్సులూ 308.60 దగ్గర కలిశాయి, పెండింగ్‌లో ఏమీ లేదు. చూడ్డానికి ఎంతో శుభ్రంగా ఉంది. కానీ స్టాండు వచ్చే మంగళవారం బయల్దేరుతుందని షాపు మెయిల్ పెట్టింది కదా, దాని 24.50 అప్పుడు పడుతుంది.

ఇప్పుడు 300 పంపేస్తే 8.60 మిగులుతుంది. 24.50కి షాపు మళ్లీ కొత్తగా మాట అడిగితే బ్యాంకు లేదంటుంది, ఆర్డరు ఆగిపోతుంది, అది నయం. పాత మాట మీదే పోస్ట్ చేస్తే బ్యాంకు కట్టాల్సిందే, అకౌంటు మైనస్ 15.90కి వెళ్తుంది, అదే ఓవర్‌డ్రాఫ్ట్. ఆ వెనకే నీ ఫోన్ బిల్లు ఆటోపే వస్తుంది. 2010 నుంచి ఇక్కడ ఉన్న రూలు ప్రకారం, నువ్వు ముందుగా ఒప్పుకోనిదే ఏటీఎంకీ, విడిగా చేసే డెబిట్ కార్డు కొనుగోళ్లకీ బ్యాంకు ఓవర్‌డ్రాఫ్ట్ ఫీజు వెయ్యకూడదు. ఆటోపేలకీ చెక్కులకీ ఆ రక్షణ లేదు. అకౌంటు తెరిచిన రోజు అన్నిటికీ టిక్కులు పెట్టుకుంటూ పోయానన్నావు, ఆ ఓవర్‌డ్రాఫ్ట్ ఒప్పుకోలు ఆన్‌లో ఉందేమో సెట్టింగ్స్‌లో చూసి తీసేయి.

హోల్డ్ పోవడం వేరు, డబ్బు తిరిగి రావడం వేరు. ఇది నేను డబ్బు కట్టి నేర్చుకున్నాను. వచ్చిన కొత్తల్లో ఉద్యోగం కోసం ఊరు మారి నాలుగు రాత్రులు ఒక మోటెల్‌లో దిగాను. డెబిట్ కార్డే ఇచ్చాను. గది అద్దె కాక, ఏమైనా పగలగొడతానేమోనని రోజుకింత చొప్పున అదనంగా పట్టి ఉంచారు. ఖాళీ చేశాక బిల్లు కట్టేశాను కదా, ఇక అయిపోయిందనుకున్నాను. ఆ హోల్డ్ ఇంకా వదల్లేదు. ఈలోగా ఇంటి ఓనరుకిచ్చిన చెక్కు బౌన్సయింది. బ్యాంకు ఫీజు ఒకటి, ఓనరు ఆలస్యం ఫీజు ఇంకొకటి. మీ పెద్దమ్మ ఇప్పటికీ దెప్పుతుంది. ఆ తర్వాత పదేళ్లు ఒక బ్యాంకు కార్డుల విభాగంలోనే పనిచేశాను, రోజూ నాలాంటివాళ్ల ఫోన్లే.

ఆ ఫోన్లలో ఎక్కువగా విన్నది నీ మాటే. పెండింగ్ కనపడకుండా పోయింది కాబట్టి షాపువాడు వదిలేశాడనుకుంటారు. బ్యాంకు పెట్టే హోల్డుకి ఒక గడువుంటుంది. మామూలు కొనుగోళ్లకి కొన్ని రోజులు, హోటళ్లకీ అద్దె కార్లకీ ఇంకా ఎక్కువ. గడువు దాటితే దానంతటదే రాలిపోతుంది. షాపువాడు తీరిగ్గా మర్నాడు లెక్క పంపినా అది పోస్ట్ అవుతుంది. దీనికి తిరగేసిన రకం కూడా ఉంది. కొన్ని బంకులు ఒక్క డాలరుకే మాట అడుగుతాయి. 31.40 పోయించినా పెండింగ్‌లో 1 అనే ఉంటుంది, నీ దగ్గర 30 ఎక్కువ ఉన్నట్టు కనపడుతుంది. అది ఇంకా ప్రమాదం, ఎందుకంటే ఎక్కువ కనపడితే ఎవరూ ఫోన్ చెయ్యరు.

నీకింకా క్రెడిట్ కార్డు లేదు కాబట్టి పెట్రోలుకి లోపలికి వెళ్లు. "నాలుగో పంపు మీద పాతిక డాలర్లు" అని చెప్పి అక్కడే కార్డు ఇవ్వు. పాతికకే మాట పడుతుంది. ట్యాంకులో పట్టేదానికన్నా కాస్త తక్కువే చెప్పు, మిగిలింది వెనక్కి రావాలంటే అదో తతంగం. ఆస్టిన్‌లో హోటల్ గదికి నీ కార్డు ఇవ్వకు. క్రెడిట్ కార్డున్న స్నేహితురాలి పేరు మీద తీసుకోమను. వాళ్ల కార్డు మీద హోల్డ్ పడితే లిమిట్ తగ్గుతుందంతే, అద్దె చెక్కు బౌన్సవదు.

షాపువాడు పొరపాటున రెండుసార్లు గీకితే అదే రోజు, అక్కడే రద్దు చెయ్యమను. పోస్ట్ కాకముందు రద్దు చేస్తే పెండింగ్ మాయమవుతుంది, డబ్బు అసలు కదలదు. పోస్ట్ అయ్యాక అయితే రీఫండే గతి, అది విడిగా వచ్చే లావాదేవీ, వారం పైన కూడా పట్టొచ్చు. టిప్ రాసిన కాగితం నీ కాపీ దాచుకో. 8ని 18గా చదివే మహానుభావులుంటారు, పోస్ట్ అయ్యేదాకా బ్యాంకు "ఆగండి" అంటుంది, ఆ తర్వాత ఆ కాగితమే నీ సాక్ష్యం. అసలు నువ్వు వెళ్లని చోటి పేరు పెండింగ్‌లో కనపడితే మాత్రం పోస్ట్ అయ్యేదాకా ఆగకు. ఆ నిమిషమే యాప్‌లో కార్డు లాక్ చేసి బ్యాంకుకి ఫోన్ చెయ్యి.

యాప్ పక్కన చిన్న నోటుబుక్కు పెట్టుకో. కార్డు తీసిన ప్రతిసారీ అసలు అంకె రాసుకో, టిప్‌తో సహా. పోస్ట్ అయినదానికి టిక్కు పెట్టు. టిక్కు పడనివన్నీ కరెంట్ బ్యాలెన్స్‌లోంచి తీసేస్తే మిగిలేదే నీది. ఇవాళ ఆ పుస్తకంలో టిక్కు లేనిది ఒక్కటే, 24.50. ఫోన్ బిల్లు 35 అన్నావు, అదీ పక్కన పెట్టు. ట్రిప్‌కి 200 పంపి మిగతాది తర్వాత ఇస్తానని చెప్పు, స్నేహితులే కదా.

వచ్చే వారం స్టాండు బయల్దేరాక ఓసారి చూసుకో. 24.50 పోస్ట్ అవ్వకుండా రెండు మూడు రోజులు దాటినా టిక్కు పెట్టకు, నాకు చెప్పు. రాత్రి తొమ్మిది దాటాకే ఫోన్ చెయ్యి, ఆ లోపల మీ పెద్దమ్మ సీరియల్ నడుస్తుంటుంది, నీ మాట నాకు వినపడదు.

ఇట్లు,
మీ పెదనాన్న