శాంపిల్ తీశాక లెక్క సరిచేయడం

సర్వేకి ఎవర్ని అడగాలో చీటీలు తీస్తే ఆడవాళ్లు ఎక్కువ వచ్చారు. ఇప్పుడు లెక్క సరిచేస్తే మోసమా?

మోసం కాదు, జనాభాలో ఆడ, మగ అసలు వాటా మీకు కచ్చితంగా తెలిసి ఉంటే చాలు. దీన్ని పోస్ట్ స్ట్రాటిఫికేషన్ అంటారు. చీటీ ఎంత న్యాయంగా తీసినా ఒక్కోసారి ఒక వర్గం ఎక్కువ పడుతుంది. అందుకే ఏ వర్గం సగటు దానికి విడిగా కట్టి, జనాభాలో దాని అసలు వాటాతో గుణించి కలుపుతాం.

పర్లాకిమిడిలో ఒక వార్డు అనుకుందాం. ఓటర్ల జాబితాలో ఆడ, మగ సగం సగం. 200 చీటీల్లో 116 మంది ఆడవాళ్లు, 84 మంది మగవాళ్లు వచ్చారు. రోజూ తెలుగు పేపర్ చదివేది ఆడవాళ్లలో 29 మంది, అంటే 25 శాతం. మగవాళ్లలో 42 మంది, 50 శాతం. ఉన్నదున్నట్టు కలిపితే 35.5 శాతం. సగం సగం వాటాతో అయితే 37.5. ఇద్దరి జవాబులూ ఒకేలా ఉంటే ఈ శ్రమంతా దండగే.

దీంతో ప్రతి లోపమూ పోతుందనుకోవడం పొరపాటు. మధ్యాహ్నం ఇంట్లో ఉన్న ఆడవాళ్లే జవాబిచ్చి, జీడిపప్పు ఫ్యాక్టరీకి వెళ్లినవాళ్లు దొరక్కపోతే, ఆడవాళ్ల 25 శాతమే తప్పు. దాన్ని ఏ వాటాతో గుణించినా తప్పు తప్పే.