పీర్ల పండుగ జ్ఞాపకాలు: రికార్డింగు నుంచి ఉల్లేఖన దాకా

ప్రశ్న: ఒంగోలులో ఎం.ఏ. చరిత్ర చదువుతున్నాను. కనిగిరి వైపు నుంచి కరువుకు వలస వచ్చి ఇక్కడే ఉండిపోయిన ముసలివాళ్లను, ఊళ్లో ఉన్నప్పటి పండుగలు, ప్రార్థనల గురించి ఇంటర్వ్యూ చేసి డిసర్టేషన్ రాయాలి. వాళ్ల మాటలు ఎంతవరకు వాడుకోవచ్చు? ఈ పని నేర్చుకుంటే ఉద్యోగానికి పనికొస్తుందా?

ముందు ఉద్యోగం సంగతి. మౌఖిక చరిత్ర అనే పేరుతో ఉద్యోగ నోటిఫికేషన్లు పెద్దగా రావు. బెంగళూరులోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ ఎన్‌సీబీఎస్ ఆర్కైవ్స్ లాంటి చోట్ల, డాక్యుమెంటేషన్ చేసే స్వచ్ఛంద సంస్థల్లో, పీహెచ్‌డీ ప్రాజెక్టుల్లో మాత్రం ఈ నైపుణ్యం అక్కరకొస్తుంది. అక్కడ మీరు చూపించాల్సింది ఇరవైమందితో చేసిన పైపై ఇంటర్వ్యూలు కాదు. అయిదుగురితో చేసినవైనా చాలు, ఒక్కోదానికి ఆడియో, పూర్తి రాతప్రతి, అనుమతి పత్రం ఉండాలి. గంట ఆడియోను మాట పొల్లుపోకుండా రాయడానికి కొత్తవాళ్లకు ఆరు నుంచి ఎనిమిది గంటలు పడుతుంది. ఆ లెక్కన ప్లాన్ వేసుకోండి.

రికార్డింగుకు ఫోన్ సరిపోతుంది. ఫ్లైట్ మోడ్‌లో పెట్టి, మడిచిన తువ్వాలు మీద, మాట్లాడుతున్న పెద్దావిడకు మూరెడు దూరంలో ఉంచండి. ఫ్యాన్ ఆపండి. దాని హోరు అప్పుడు చెవికి ఆనదు, రాయడానికి కూర్చున్నప్పుడు మాటల చివర్లు మింగేస్తుంది. ఒకసారి కూర్చుంటే గంట, మహా అయితే గంటన్నర. కొడుకో కోడలో పక్కనుండి "అది కాదమ్మా" అని అందిస్తుంటే అది వాళ్ల జ్ఞాపకం అయిపోతుంది. రెండో రోజు ఆమె ఒక్కతే ఉన్న వేళకు వెళ్లండి.

"మీ ఊళ్లో అందరూ కలిసి ఉండేవాళ్లా?" అని అడిగితే "ఆ, బాగానే ఉండేవాళ్లం" అంటారు. అక్కడితో అయిపోతుంది. పీర్ల చావిడి ఏ పక్క ఉండేది, పీరు ఎవరు ఎత్తుకునేవాళ్లు, నిప్పుల గుండం తొక్కేటప్పుడు మీరు ఎక్కడ నిలబడేవాళ్లు అని అడగండి. నిలబడిన చోటు అడిగితే కులం గురించి ప్రత్యేకంగా అడగక్కర్లేదు.

ఏ సంవత్సరం అంటే చెప్పలేరు. "సంక్రాంతి ముందు పీర్లు లేచినయ్, ఆ ఏడే ఊరు ఇడిసినం" అన్నారనుకోండి. పీర్ల పండుగ జరిగే మొహర్రం నెల ఏటా పది పదకొండు రోజులు వెనక్కి జరుగుతూ, దాదాపు 33 ఏళ్లకు మళ్లీ అదే కాలానికి వస్తుంది. పదో రోజు సంక్రాంతికి దగ్గరపడింది 1943లో, 1975-76లో, మళ్లీ 2008-09లో. ఆమెకు ఇప్పుడు డెబ్బై పైన ఉండి, పిల్లను చంకనేసుకుని వచ్చానంటే 1975-76 అని అనుకోవచ్చు. అయితే అది మీ అంచనా. దాన్ని ఫుట్‌నోట్‌లో పెట్టండి, ఆమె మాటల్లో కలపకండి.

ఇక ఉల్లేఖన. ఉదాహరణకు రాతప్రతిలో ఇలా ఉందనుకుందాం:

"మా నాయన డప్పు మోగితే గాని పీరు లేచేది కాదు. గుండం కాడికి మాత్రం మమ్మల్ని రానిచ్చేవాళ్లు కాదు. [నవ్వు] అయినా పోయేవాళ్లం." (41:20)

మొదటి వాక్యం ఒక్కటే తీసుకుంటే మతసామరస్యం కథ అవుతుంది. రెండోదొక్కటే తీసుకుంటే ఆమె కేవలం బాధితురాలవుతుంది. మూడూ కలిస్తేనే ఆమె చెప్పింది. ఏదైనా వదిలేస్తే చుక్కలు పెట్టాలి. వదిలినదాంతో అర్థం మారేట్టుంటే మాత్రం చుక్కలు కూడా కాపాడవు, మొత్తం ఇవ్వాల్సిందే. "కాడ"ను "దగ్గర"గా దిద్దకండి. నవ్వును తీసేయకండి, కానీ అది ఏ నవ్వో మీరు తేల్చేయకండి.

అన్నిటికన్నా జాగ్రత్త పడాల్సింది ఇక్కడ. ఒంగోలు చుట్టుపక్కల బాప్టిస్టు మిషన్ ప్రభావం పాతది, చాలా కుటుంబాల్లో పీర్లూ పోలేరమ్మా చర్చీ కలిసే ఉండేవి. ఆమె ఏ దాపరికం లేకుండా "మేం బాప్తిస్మం తీసుకున్నాం" అనేస్తుంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు, దానికి తర్వాత వచ్చిన సవరణల ప్రకారం ఎస్సీ హోదా హిందూ, సిక్కు, బౌద్ధ మతాలవారికే. ఆ ఒక్క వాక్యం అచ్చయితే మనవడి కుల ధ్రువీకరణకు అడ్డం పడొచ్చు. పేరు మార్చినంత మాత్రాన సరిపోదు. ఊరు, వయసు, "డప్పు కొట్టేవాడి కూతురు" అనే మూడు ముక్కలు చాలు, ఆ ఊరివాళ్లు ఇట్టే పోల్చుకుంటారు. అబద్ధపు వివరాలు కల్పించకండి. "కనిగిరి ప్రాంతం, డెబ్బై దాటిన మహిళ" అని విస్తృతంగా రాయండి, బాప్తిస్మం మాట ఏ ఇంటిదో తెలియకుండా అందరి మాటల సారంగా చెప్పండి. ఫలానావాళ్ల కోడలికి పూనకం వచ్చేదని చెబితే దాన్ని అసలు ఉల్లేఖించకండి. ఆ కోడలు మీకు అనుమతి ఇవ్వలేదు.

అందుకే అనుమతి రెండుసార్లు తీసుకోవాలి. రికార్డింగుకు ముందు ఒకటి, వాడబోయే వాక్యాలు ఎంచుకున్నాక ఇంకొకటి. చదవడం రానివాళ్లకు ఆ వాక్యాలు గట్టిగా చదివి వినిపించి, వాళ్ల సమ్మతిని గొంతులోనే రికార్డు చేయండి. "ఇది ఒద్దులే" అంటే బతిమాలకండి. డిసర్టేషన్ సమర్పించడానికి నెలముందు ఒక తేదీ చెప్పి, అప్పటిదాకా ఏ మాటనైనా వెనక్కి తీసుకోవచ్చని వాళ్ల ఇంటి ఫోన్ నంబరుతో సహా మీ నోటుబుక్కులో రాసుకోండి. ఆ తేదీకి ముందు మీరే ఒకసారి ఫోన్ చేయండి, ఎందుకంటే వాళ్లంతట వాళ్లు చేయరు.